పది మంది, రెండు కోర్టులు

బ్రిటన్‌లోని చాలా టెన్నిస్ క్లబ్బుల్లో వారానికో సాయంత్రం ‘సోషల్ డబుల్స్’ ఉంటుంది. జోడీ లేకపోయినా రాకెట్ పట్టుకుని వెళ్లిపోవచ్చు. అందుకే ఆ వేళకు కోర్టులను ఎవరూ విడిగా బుక్ చేసుకోకూడదని సెక్రటరీ నోటీసులో మొదటే రాయాలి. లేకపోతే నలుగురు స్నేహితులు ఒక కోర్టు పట్టేస్తారు, కొత్తగా చేరినవాళ్లు బెంచీ మీదే ఉండిపోతారు.

అసలు చిక్కు వంతుల దగ్గరే. రెండు కోర్టులకు పది మంది వచ్చారనుకుందాం. ఎనిమిది మంది ఆడతారు, ఇద్దరు ఆగుతారు. పూర్తి సెట్ ఆడనిస్తే అది ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేం. ఒక కోర్టు ఖాళీ అయినా రెండోది సాగుతూనే ఉంటుంది. అందుకని గడియారాన్ని నమ్ముకోవడమే మేలు. ఇరవై నిమిషాలకు గంట కొడతారు, నడుస్తున్న పాయింటు ముగించి అందరూ బయటికి వస్తారు. ఆగిన ఇద్దరూ ముందు లోపలికి వెళ్తారు, ఇంకా ఆగనివాళ్లలో ఇద్దరు కూర్చుంటారు, జోడీలు మారతాయి. ఇలా ఐదు రౌండ్లు, అంటే వంద నిమిషాలు తిరిగేసరికి ప్రతి ఒక్కరూ నాలుగుసార్లు ఆడతారు, ఒక్కసారే ఆగుతారు.

డ్యూస్ దగ్గర ఆట సాగకుండా ఒకే పాయింటుతో గేమ్ తేల్చేయడం మరో మంచి నియమం. ఆ సర్వీసును ఏ వైపు అందుకోవాలో రిసీవ్ చేసే జోడీయే ఎంచుకుంటుంది.

వంతుల క్రమం ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకూడదు. చాలా క్లబ్బుల్లో గోడకు ఒక బోర్డు ఉంటుంది; వచ్చినవాళ్లు తమ పేరున్న బిళ్లను వరుసలో తగిలిస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ల బిళ్ల చివర చేరుతుంది.