లైకుల కింద ఏ అంకె వేశారు?

గుంటూరులో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునే ఒకావిడ ఉందనుకుందాం. ఒకే వారంలో రెండు రీల్స్ పెట్టింది. మొదటిది గోంగూర పచ్చడి కొలతలతో సహా చేసి చూపించేది. రెండోది అత్తాకోడళ్ల మధ్య కారం గురించి సరదా గొడవ. వారం తర్వాత ఈ రెండింట్లో ఏది బాగా ఆడిందో చూసుకోవాలి.

పచ్చడి రీల్‌కి 900 లైకులు, 60 కామెంట్లు, 240 షేర్లు, 600 సేవ్‌లు వచ్చాయి. మొత్తం 1,800. సరదా రీల్‌కి 1,950 లైకులు, 150 కామెంట్లు, 250 షేర్లు, 50 సేవ్‌లు. మొత్తం 2,400. పైపైన చూస్తే సరదా రీలే గెలిచింది. కానీ అది ఎక్కువ మందికి చేరింది కాబట్టి ఎక్కువ లైకులు రావడంలో వింతేమీ లేదు. అందుకే ఈ మొత్తాన్ని ఇంకో అంకెతో భాగించి, వందతో గుణించి శాతం కడతారు. ఎంగేజ్‌మెంట్ రేట్ అనేది ఇదే. పేచీ అంతా దేనితో భాగించాలన్న దగ్గరే.

రీచ్ అంటే ఆ రీల్ ఎన్ని అకౌంట్లకు కనబడిందన్న లెక్క. ఒకరు పదిసార్లు చూసినా ఒకటే. వ్యూస్ అంటే ఎన్నిసార్లు ప్లే అయిందని. ఆ పదిసార్లూ ఇందులో పదిగానే పడతాయి. పచ్చడి రీల్ రీచ్ 20,000, వ్యూస్ 45,000. సరదా రీల్ రీచ్ 40,000, వ్యూస్ 48,000.

పచ్చడి రీల్: 1,800 ÷ 20,000 × 100 = 9%
సరదా రీల్: 2,400 ÷ 40,000 × 100 = 6%

రీచ్‌తో భాగిస్తే పచ్చడే ముందుంది. ఇప్పుడు కింద వ్యూస్ వేద్దాం.

పచ్చడి రీల్: 1,800 ÷ 45,000 × 100 = 4%
సరదా రీల్: 2,400 ÷ 48,000 × 100 = 5%

లైకు ఒక్కటీ మారలేదు, ఫలితం మాత్రం తిరగబడింది. ఎందుకంటే పచ్చడి రీల్‌ని ఒక్కో అకౌంట్ సగటున రెండుంపావు సార్లు చూసింది. ఉప్పెంత, మిరపకాయలెన్ని అని జనం వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ చూశారు. అలా చూసిన ప్రతిసారీ కింది అంకె పెరుగుతుంది గానీ, ఒకసారి లైకు కొట్టినవాళ్లు మళ్లీ కొట్టలేరు కదా. అంటే జనానికి పనికొచ్చిన గుణమే వ్యూస్ లెక్కలో దాని శాతాన్ని పడగొట్టింది. వంట, ముగ్గులు, కుట్టుపని నేర్పేవాళ్లు వ్యూస్ మీద కట్టిన శాతం తక్కువగా ఉందని బెంగపడే ముందు, వ్యూస్‌ని రీచ్‌తో భాగించి చూసుకోవాలి. ఆ అంకె రెండు దాటితే వీడియోని తిరిగి చూస్తున్నారన్నమాట.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 9% అంటే వందలో తొమ్మిదిమంది స్పందించారని కాదు. ఒకే మనిషి లైకు కొట్టి, కామెంట్ పెట్టి, సేవ్ కూడా చేసుకుంటే అవి మూడు. నా మట్టుకు నేను ఈ మొత్తం కంటే విడి అంకెలకే ఎక్కువ విలువిస్తాను. సేవ్‌లను మాత్రమే రీచ్‌తో భాగిస్తే పచ్చడికి 3% వస్తుంది, సరదా రీల్‌కి 0.125%. సరుకు అమ్ముకునే మనిషికి ఈ తేడా చాలా చెబుతుంది. వేలు తగిలితే పడిపోయే లైకునూ, తర్వాత చేసుకుందామని దాచుకున్న సేవ్‌నూ ఒకే గాటన కట్టడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

అయినా బయటివాళ్లు వ్యూస్‌నే ఎందుకు పట్టుకుంటారు? రీల్ వ్యూస్ మామూలుగా అందరికీ కనిపిస్తాయి, రీచ్ మాత్రం అకౌంట్ యజమాని ఇన్‌సైట్స్‌లోనే ఉంటుంది. ప్రమోషన్ కోసం వచ్చే కంపెనీలు ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ అడిగేది ఇందుకే. కొందరు ఫాలోయర్లతో భాగిస్తారు. రీల్స్ ఫాలో కానివాళ్లకూ విపరీతంగా వెళ్తాయి కాబట్టి ఆ శాతం ఎటైనా పోవచ్చు.

వ్యూ అంటే ఏమిటన్నది కూడా స్థిరంగా ఉండదు. యూట్యూబ్ 2025 మార్చి 31 నుంచి షార్ట్స్ ప్లే అవడం మొదలైనా, మళ్లీ ప్లే అయినా ఒక వ్యూగా లెక్కిస్తోంది. ఇంతసేపు చూడాలన్న నియమం లేదు. పాత పద్ధతి లెక్క ‘ఎంగేజ్డ్ వ్యూస్’ పేరుతో అనలిటిక్స్‌లో ఉంది. ఆ తేదీకి ముందు పెట్టిన షార్ట్‌నీ తర్వాతిదాన్నీ వ్యూస్‌తో భాగించి పోలిస్తే, స్పందన తగ్గకపోయినా తగ్గినట్టే కనిపించవచ్చు. అలాంటప్పుడు రెండింటికీ ఎంగేజ్డ్ వ్యూస్‌తోనే భాగించాలి.

వీడియో వయసూ చూసుకోవాలి. మొదటి గంటల్లో చూసేవాళ్లలో తెలిసినవాళ్లు ఎక్కువుంటే శాతం ఆకాశంలో ఉంటుంది. కొత్తవాళ్లకు చేరేకొద్దీ దిగుతుంది. నిన్నటి రీల్‌ని నెల కిందటిదానితో పోల్చకుండా, రెండింటికీ ఏడో రోజు అంకెలు రాసి పెట్టుకుంటే లెక్క సరిపోతుంది.