వేలాడే దిమ్మె, జారే దిమ్మె, మధ్యలో దారం

నున్నటి బల్ల మీద 3 కిలోల దిమ్మె ఉంది. దానికి కట్టిన దారం బల్ల అంచున బిగించిన కప్పీ మీదుగా కిందికి దిగింది. ఆ కొసకు 2 కిలోల దిమ్మె వేలాడుతోంది. బల్ల మీది దిమ్మెను చేత్తో పట్టుకుని ఆపాం. చెయ్యి తీసేస్తే రెండూ ఎంత త్వరణంతో కదులుతాయి? అప్పుడు దారంలో తన్యత, అంటే దారం బిగుతుగా లాగే బలం, ఎంత ఉంటుంది?

ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ చదివినవాళ్లకు ఇది పాత లెక్కే. అయినా తన్యత ఎంతని అడిగితే చాలామంది తడుముకోకుండా ఒకటే జవాబు చెబుతారు: దారానికి 2 కిలోలు వేలాడుతున్నాయి కాబట్టి ఆ బరువంతా దారం మీదే పడుతుంది, అంటే 2 × 9.8 = 19.6 న్యూటన్లు. చెయ్యి పట్టుకుని ఉన్నంతసేపూ ఆ జవాబు సరైనదే. చెయ్యి తీసిన మరుక్షణం అది తప్పవుతుంది. ఎందుకో తెలిస్తే ఈ లెక్క మొత్తం అర్థమైనట్టే.

వేలాడే దిమ్మెనే చూద్దాం. దాన్ని భూమి 19.6 న్యూటన్ల బలంతో కిందికి లాగుతోంది. దారం కూడా సరిగ్గా అంతే బలంతో పైకి లాగితే రెండూ సరికి సరి అయిపోతాయి, మిగిలే బలం సున్నా. నిలిచి ఉన్న దిమ్మె అలాగే నిలిచిపోవాలి. కానీ అది కిందికి దిగడం కళ్లారా చూస్తున్నాం. కనుక దారం లాగే బలం 19.6 కంటే తక్కువే అయి ఉండాలి. లిఫ్టు కిందికి బయలుదేరేటప్పుడు అరికాళ్ల కింద ఒత్తిడి తగ్గి ఒళ్లు తేలికైనట్టు అనిపించేది కూడా ఇందుకే.

ఎంత తక్కువ అన్నది తేల్చడానికి ఒక్కో దిమ్మెను విడిగా చూసుకోవాలి. బల్ల మీది దిమ్మె బరువును బల్లే మోస్తోంది. ఘర్షణ లేదనుకుంటే అడ్డంగా దాన్ని లాగేది దారం ఒక్కటే. తన్యతను T అని, త్వరణాన్ని a అని పిలుచుకుంటే, న్యూటన్ రెండో నియమం ప్రకారం T = 3a. వేలాడే దిమ్మెకు కిందికి 19.6, పైకి T. అందువల్ల 19.6 − T = 2a.

రెండు చోట్లా ఒకే a, ఒకే T రాయడానికి కారణాలున్నాయి. దారం సాగదు కాబట్టి కింది దిమ్మె ఒక సెంటీమీటరు దిగితే పైది ఒక సెంటీమీటరు జరిగి తీరాలి, అందుకే త్వరణం పరిమాణం ఒకటే. దారం, కప్పీ రెండూ బాగా తేలికైనవని, కప్పీ ఇరుసు దగ్గర ఘర్షణ లేదని అనుకున్నాం, అందుకే తన్యత రెండు వైపులా ఒకటే. ఈ షరతులు తప్పితే లెక్క మారుతుంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

రెండు సమీకరణాలనూ కలిపితే T కొట్టుకుపోయి 19.6 = 5a మిగులుతుంది. త్వరణం 3.92 మీ/సె². ఇందులో గమనించాల్సింది ఒకటుంది. లాగేది 2 కిలోల బరువే అయినా, అది కదిలించాల్సింది మొత్తం 5 కిలోలను. తనను తాను కూడా కదిలించుకోవాలి కదా. 19.6ను 3తో మాత్రమే భాగించి 6.53 అని రాసేవారు మరిచిపోయేది దీన్నే. ఇక తన్యత 3 × 3.92 = 11.76 న్యూటన్లు. రెండో దిమ్మెతో సరిచూస్తే 19.6 − 11.76 = 7.84, అది 2 × 3.92కు సమానం. లెక్క సరిపోయింది.

దారం మధ్యలో బరువు లెక్కలోకి రానంత తేలికైన స్ప్రింగ్ త్రాసు ఒకటి కట్టామనుకోండి. పట్టుకుని ఉన్నప్పుడు దాని ముల్లు 2 కిలోల గీత మీద ఉంటుంది. వదలగానే కాసేపు ఊగిసలాడినా అది 1.2 కిలోల గీత చుట్టూనే తిరుగుతుంది. దిమ్మె ద్రవ్యరాశి రవ్వంత కూడా తగ్గలేదు, దారం బిగువు మాత్రం తగ్గింది.

ఇప్పుడు బల్లను కాస్త గరుకుగా చేద్దాం. జారేటప్పటి ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, పై దిమ్మె మీద ఘర్షణ 0.2 × 3 × 9.8 = 5.88 న్యూటన్లు. బల్లను నొక్కేది పై దిమ్మె ఒక్కటే కాబట్టి ఇక్కడ 3 కిలోలే లెక్క, 5 కాదు. లాగే 19.6లోంచి 5.88 పోతే 13.72 మిగిలింది. దాన్ని 5తో భాగిస్తే త్వరణం 2.74 మీ/సె². తన్యత మాత్రం 14.11 న్యూటన్లకు పెరిగింది! ఘర్షణ త్వరణాన్ని తగ్గించి, తన్యతను పెంచింది. కింది దిమ్మె నెమ్మదిగా దిగుతోందంటే దాన్ని దారం మరింత గట్టిగా పట్టి ఉంచుతోందన్నమాట.

మరీ గరుకు బల్ల అయితే? గుణకం 0.8 అనుకుని ఇదే సూత్రంలో గుడ్డిగా వేస్తే ఘర్షణ 23.52 వచ్చి, త్వరణం రుణాత్మకం అవుతుంది. అంటే వేలాడే దిమ్మె తనంతట తానే పైకి పోవాలి! అలా జరగదు. ఘర్షణ కదలికను అడ్డుకుంటుందే తప్ప దిమ్మెను వెనక్కి తోయదు. ఇక్కడ అది 19.6 దాకానే పెరిగి ఆగుతుంది, దిమ్మెలు కదలవు. మొదట తప్పన్న 19.6 న్యూటన్ల తన్యత ఇక్కడ సరైన జవాబు. అందుకే ముందుగా దిమ్మెలు అసలు కదులుతాయా లేదా అన్నది తేల్చుకోవాలి. నిలిచి ఉన్నప్పటి ఘర్షణ గుణకం 2/3 దాటితే ఈ జత కదలదు.

కప్పీ విషయానికి వస్తే, అది 1 కిలో బరువున్న గుండ్రటి బిళ్ల అయితే దాన్ని తిప్పడానికి కూడా బలం కావాలి. ఘర్షణ లేని బల్ల మీద త్వరణం 3.56కు తగ్గుతుంది. దారంలో బల్ల వైపు తన్యత 10.69, వేలాడే వైపు 12.47 న్యూటన్లు. ఆ తేడాయే కప్పీని తిప్పుతుంది. 1784లో జార్జ్ అట్వుడ్ తన పుస్తకంలో వివరించిన యంత్రంలో రెండు బరువులూ వేలాడేవే, బల్ల లేదు. అయినా అతనికీ కప్పీతోనే తంటా. ఇరుసు ఘర్షణ తగ్గించడానికి దాన్ని చిన్న చక్రాల మీద ఆనించాడు.

ఈ లెక్కను మీరే పరీక్షించాలంటే ఫోన్ వీడియో చాలు. కింది దిమ్మె ఒక మీటరు దిగడానికి ఘర్షణ లేకపోతే 0.71 సెకన్లు పడుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది సుమారు 21 ఫ్రేములు. గుణకం 0.2 అయితే సుమారు 26. అంటే ఫ్రేములు లెక్కపెట్టి బల్ల ఎంత గరుకో అంచనా కట్టవచ్చు. దిమ్మె నేలను తాకాక దారం వదులైపోతుంది, తన్యత సున్నా అవుతుంది. పై దిమ్మె మాత్రం వచ్చిన వేగంతోనే కప్పీ వైపు దూసుకొస్తుంది కనుక బల్ల అంచుకు ముందే ఒక అడ్డు పెట్టండి. దిమ్మె నుంచి కప్పీ దాకా దారం బల్లకు సమాంతరంగా ఉందో లేదో కూడా చూసుకోండి. ఏటవాలుగా పైకి ఉంటే అది దిమ్మెను కొంచెం ఎత్తి ఘర్షణను తగ్గిస్తుంది, మీ ఫ్రేముల లెక్క తప్పుతుంది.