బొద్దింకా, బెంగా? ‘కఫార్’ అర్థం పట్టుకునేదెలా

ఫ్రెంచి నిఘంటువులో ‘కఫార్’ దగ్గర బొద్దింక అని ఉంటుంది. అయితే పారిస్‌లో ఒకమ్మాయి ‘జే లె కఫార్’ అంటే, ఆమె మనసు బాగోలేదని, దిగులుగా ఉందని అర్థం. బడిపిల్లల గొడవలో ఈ మాట వినిపిస్తే, టీచరుకు చాడీలు చెప్పేవాడు. పదహారో శతాబ్దపు రాబ్లే పుస్తకంలో కనిపిస్తే, పైకి భక్తి, లోపల కపటం ఉన్న మనిషి. ఈ నాలుగింటిలో ఏది సరైనదో పక్కనున్న మాటలే చెప్పాలి.

ముందుగా ఆ పదానికి ముందున్న చిన్న మాటను చూడాలి. ‘జే లె కఫార్’ అంటే దిగులు. ‘జే దే కఫార్’ అంటే ఇంట్లో బొద్దింకలున్నాయి. ‘దే’ బహువచనం, దిగులును ఎవరూ అలా లెక్కపెట్టరు. ఏకవచనమైనా బహువచనమైనా ‘కఫార్’ ఉచ్చారణ మారదు కాబట్టి, వినేవాడికి ఆ చిన్న మాటే ఆధారం. ‘షాసే’ అంటే తరిమెయ్యడం. ‘షాసే లె కఫార్’ అంటే దిగులు పోగొట్టుకోవడం, ‘షాసే లే కఫార్’ అంటే బొద్దింకల్ని వెళ్లగొట్టడం. తేడా అంతా ‘లె’, ‘లే’ల మధ్యే.

కానీ ఈ ఒక్క గుర్తునే నమ్ముకుంటే దెబ్బతింటాం. ‘లె కఫార్‌కి వెచ్చదనం, తేమ ఇష్టం’ అనే వాక్యంలోనూ ‘లె’ ఉంది, అక్కడ మాత్రం అది పురుగే. జాతి మొత్తం గురించి చెప్పేటప్పుడు ఫ్రెంచివాళ్లు ఏకవచనం కూడా వాడతారు. అటువైపు ‘ఒక’ అనే మాట ఉన్నంత మాత్రాన బొద్దింక అనుకోకూడదు. ‘నాకు ఒక రాక్షస కఫార్’ అని ఎవరైనా అంటే, అది భరించలేనంత దిగులు. అందుకే క్రియనూ, చుట్టూ ఉన్న వాక్యాలనూ కలిపి చదవాలి. సింకు, గోడ పగుళ్లు, మందు చల్లడం వస్తే పురుగు. ఆదివారం సాయంత్రం, ఒంటరితనం, దూరమైన స్నేహితుడు వస్తే దిగులు. ‘వాడు’ అంటూ ఒక మనిషి వచ్చి, రహస్యం బయటపడితే చాడీకోరు.

దీని నుంచి పుట్టిన మాటలు కొంత నయం. ‘కఫార్దూ’ అనే విశేషణం దిగులుకే చెందుతుంది, ‘కఫార్దే’ అనే క్రియ ఎక్కువగా చాడీలు చెప్పడానికే వాడతారు. పాత పుస్తకంలో, మతం ప్రస్తావన నడుమ ‘కఫార్’ ఎదురైతే దొంగభక్తుడి అర్థాన్నే ముందు పరీక్షించాలి. నేటి సంభాషణలో ఆ అర్థం దాదాపు వినపడదు.

నిఘంటువు తెరిచినప్పుడు మొదటి అర్థం దగ్గరే ఆగకండి. ప్రతి అర్థం కిందా ఉన్న ఉదాహరణ వాక్యం చదివి, మీ వాక్యం దేనికి దగ్గరగా ఉందో చూడండి.