మూడు గుర్రాల మీద పందెం, ఏది గెలిచినా ఒకటే లాభం

బ్రిటన్‌లో ఓ మధ్యాహ్నం ఏడు గుర్రాల రేసు జరుగుతోందనుకుందాం. ఫేవరెట్ ఆడ్స్ 2/1. దాని ఫామ్ మీద మీకు నమ్మకం లేదు. గెలిచేది 3/1, 5/1, 7/1 ఆడ్స్ ఉన్న మూడింటిలో ఒకటని గట్టిగా అనిపిస్తోంది, కానీ ఏదో తేల్చుకోలేకపోతున్నారు. అలాంటప్పుడు మూడింటి మీదా డబ్బు పెట్టి, ఏది గెలిచినా ఒకే లాభం వచ్చేలా పందేన్ని పంచుకోవడాన్ని ‘డచ్చింగ్’ అంటారు. 1930ల నాటి న్యూయార్క్ గ్యాంగ్‌స్టర్ డచ్ షుల్ట్జ్ పేరు మీదుగా ఆ మాట వచ్చిందనీ, అసలు లెక్క అతని దగ్గర పద్దులు చూసిన ఆటో బెర్మన్‌దనీ చెబుతారు. లెక్క ఎవరిదైనా, చేయడానికి కాగితం, పెన్సిలు చాలు.

ముందు గెలిస్తే చేతికి ఎంత రావాలో అనుకోవాలి. 24 పౌండ్లు అనుకుందాం. 3/1 అంటే పౌండు పెడితే మూడు పౌండ్ల లాభం, పెట్టిన పౌండూ వెనక్కి, మొత్తం నాలుగు. కాబట్టి 24ను నాలుగుతో భాగించి ఆ గుర్రం మీద 6 పౌండ్లు పెట్టాలి. 5/1 గుర్రానికి ఆరుతో భాగిస్తే 4 పౌండ్లు. 7/1 గుర్రానికి ఎనిమిదితో భాగిస్తే 3 పౌండ్లు. మొత్తం 13 పౌండ్లు ఖర్చయింది. మూడింటిలో ఏది ముందొచ్చినా 24 వస్తాయి, 11 మిగులుతాయి. అదే 13 పౌండ్లను మూడింటికీ సమానంగా పంచితే 3/1 గుర్రం గెలిచినప్పుడు మిగిలేది నాలుగు పౌండ్ల పైచిలుకు, 7/1 గుర్రం గెలిస్తే 21 దాటుతుంది. డచ్చింగ్ ఆ ఎగుడుదిగుడును చదును చేస్తుంది.

అది చేసే పని అంతే. చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. 13 పెట్టి 24 తీసుకుంటున్నామంటే, మూడు గుర్రాలూ కలిసి ఒకే గుర్రమైపోయినట్టు. ఆ గుర్రం ఆడ్స్ ఈవెన్ మనీకన్నా కొంచెం తక్కువే. పెట్టుబడి వెనక్కి రావాలన్నా 24 రేసుల్లో 13 సార్లు, అంటే నూటికి 54 సార్లకు పైగా, ఆ ముగ్గురిలో ఒకరు గెలవాలి. పందెం కాసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే. మూడు గుర్రాలు చేతిలో ఉన్నాయన్న ధీమాలో పడి దీన్నే మర్చిపోతారు. పది రేసుల్లో ఐదు గెలిచినవాడికి తాను బాగానే ఆడుతున్నాననిపిస్తుంది. నిజానికి ఐదుసార్లు 11 చొప్పున 55 వచ్చి, ఐదుసార్లు 13 చొప్పున 65 పోయి, పది పౌండ్లు చేయి జారిపోయాయి.

బుకీ వైపు నుంచి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మిగతా మూడు గుర్రాల ఆడ్స్ 9/1, 11/1, 14/1 అనుకోండి. ఏడింటిలో ఏది గెలిచినా 24 పౌండ్లు రావాలంటే ఫేవరెట్ మీద 8, మన మూడింటి మీద 13, ఈ మూడింటి మీద 2.40, 2, 1.60 పెట్టాలి. మొత్తం 27. అంటే రేసునంతా కొనేసినవాడు 27 కట్టి 24 తీసుకుంటాడు. ఆ మూడు పౌండ్లు బుకీ ఆడ్స్‌లోనే కలిపి ఉంచిన వాటా. ఆ వాటా తీసేసి చూస్తే, మన మూడు గుర్రాలు గెలవడానికి మార్కెట్ ఇస్తున్న అవకాశం 27లో 13, అంటే నూటికి 48. మనకు కావలసింది 54.

మరి ఫేవరెట్ గురించి మన అంచనా నిజమైతే? మార్కెట్ దానికి 27లో 8, అంటే నూటికి 30 అవకాశం ఇస్తోంది. నిజానికి దానికున్నది 20 మాత్రమేనని అనుకుందాం. ఇది చిన్న తేడా కాదు, బుకీలందరూ పెద్ద పొరపాటు చేసినట్టే. మిగిలిన 80ని మిగతా ఆరు గుర్రాలకూ వాటి ఆడ్స్ ప్రకారం పంచితే మన మూడింటికీ కలిపి 54.7 వస్తుంది. 13 పౌండ్లకు సగటున మిగిలేది 14 పెన్నీలు. ఫేవరెట్‌ను అంత బాగా పసిగట్టినా దాదాపు పెట్టిన చోటే ఉంటాం. అందుకే, నా దృష్టిలో, ఫేవరెట్ మీద అపనమ్మకం ఒక్కటే డచ్చింగ్‌కు సరిపోయే కారణం కాదు. ఎంచుకున్న గుర్రాల్లో ఒక్కొక్కటీ తన ఆడ్స్‌కు మించిన సత్తా ఉన్నదై ఉండాలి. ఎందుకైనా మంచిదని 9/1 గుర్రాన్ని కూడా కలుపుకుంటే ఖర్చు 15.40కి పెరుగుతుంది, లాభం 11 నుంచి 8.60కి పడిపోతుంది. ఆ భద్రతకు కట్టిన ధర మిగతా మూడు గుర్రాల లాభంలోంచి పోయిందే.

ఇక ‘ఏది గెలిచినా ఒకటే’ అన్న మాట కూడా అన్నివేళలా నిలవదు. మనం పందెం కాశాక ఫేవరెట్ పోటీ నుంచి తప్పుకుందనుకోండి. మిగిలిన గుర్రాలకు పని తేలికవుతుంది కాబట్టి బ్రిటన్‌లో రూల్ 4 కింద గెలుపు సొమ్ములో కోత పెడతారు. తప్పుకున్నది 2/1 గుర్రమైతే కోత పౌండుకు 30 పెన్నీలు. ఆ కోత లాభం మీదే పడుతుంది, పెట్టిన సొమ్ము మీద కాదు. అందుకని 3/1 గుర్రం గెలిస్తే మిగిలేది 5.60, 5/1 గుర్రానికి 5, 7/1 గుర్రానికి 4.70. దాదాపు సగమో, అంతకన్నా ఎక్కువో లాభం పోయింది, సమానత్వమూ చెడింది. మన గుర్రం బయటి గుర్రంతో కలిసి ఒకేసారి గీత దాటితే, అంటే డెడ్ హీట్ అయితే, సగం పందానికే లెక్క కడతారు. 24కు బదులు 12 వస్తాయి. గెలిచిన గుర్రం చేతిలో ఉండి కూడా ఒక పౌండు నష్టపోతాం. మూడు పందేలూ ఒకే క్షణంలో కాయలేకపోవడం ఇంకో చిక్కు. మొదటిది కాసేలోపు రెండో గుర్రం 5/1 నుంచి 4/1కి దిగితే దాని మీద 4 కాదు, 4.80 పెట్టాలి. అప్పటికప్పుడు లెక్క తిరిగి వేసుకోవాల్సిందే.

ఆడ్స్ ముందే ఖాయమయ్యే చోటే ఇదంతా కుదురుతుంది. టోట్‌లో అయితే జనం వేసిన డబ్బంతా ఒక చోట చేరాక, కౌంటర్ మూశాకే డివిడెండ్ తేలుతుంది. కాబట్టి అక్కడ పంచుకోవడం ఉజ్జాయింపే. హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో టోట్‌తో పాటు, టికెట్ రాసిన క్షణాన ఆడ్స్ ఖాయం చేసే బుకీలూ ఉంటారు. అయితే మన దేశంలో గుర్రప్పందేలపై జీఎస్టీ లాభం మీద కాదు, కాసిన మొత్తం మీద. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పన్ను 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. పై లెక్కనే రూపాయల్లో చూస్తే, 1,300 రూపాయల పందెం మీద పన్నుగా మరో 520 కట్టాల్సి వస్తే ఖర్చు 1,820 అవుతుంది. వచ్చేది మాత్రం అదే 2,400. పెట్టుబడి వెనక్కి రావడానికే నూటికి 54 సార్లకు బదులు 76 సార్లు గెలవాలి. మార్కెట్ అంచనాలో ఆ మూడు గుర్రాలకున్న అవకాశం మాత్రం 48 దగ్గరే ఉంటుంది.