నోటీసు పీరియడ్ ఎంతండీ?

హైదరాబాద్ ఐటీ ఉద్యోగాల్లో రిక్రూటర్ చేసే మొదటి ఫోన్‌లోనే ఈ ప్రశ్న వచ్చేస్తుంది. పెద్ద సర్వీసు కంపెనీల్లో 90 రోజుల నోటీసు మామూలు. అడిగే కంపెనీకేమో మనిషి నెలలోపు కావాలి. తొంభై అంటే ఫోన్ పెట్టేస్తారేమోనన్న భయంతో చాలామంది "ముప్పై రోజుల్లో వచ్చేస్తానండీ" అనేస్తారు. ఆ భయం నిజమైనదే. కానీ ఆ మాట నిలవదు. ఆఫర్ ఖాయమయ్యే సమయానికి రాజీనామా ఆమోదించిన మెయిల్ చూపించమంటారు, అందులో చివరి పనిదినం రాసే ఉంటుంది. కొందరు పాత కంపెనీకి చెప్పకుండా కొత్తదాంట్లో చేరిపోతారు. అప్పుడు రిలీవింగ్ లెటర్ రాదు. పైగా రెండు ఉద్యోగాల తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే ఆ సంగతి పీఎఫ్ ఖాతాలో కనిపిస్తుంది.

ఫోన్ రాకముందే తీసి చదవాల్సింది మీ అపాయింట్‌మెంట్ లెటర్. నోటీసు గురించిన పేరాలో మూడు సంగతులు వెతకండి. ఎన్ని రోజులు? మిగిలిన రోజులకు డబ్బు కట్టి వెళ్లిపోయే వీలు, అంటే బైఅవుట్, ఉందా? ఉంటే అది మీ హక్కా, కంపెనీ ఇష్టమా? ఈ మూడోదాన్ని దాటవేసి చదివేవాళ్లే ఎక్కువ. "కంపెనీ విచక్షణ మేరకు" అని ఉంటే డబ్బు మీ చేతిలో ఉన్నా మేనేజర్ సరేననకపోతే కదల్లేరు. బైఅవుట్ లెక్క బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. మిగిలిపోయిన సెలవులను నోటీసులో సర్దుకోవచ్చులే అనుకోకండి. చాలాచోట్ల ఒప్పుకోరు సరికదా, నోటీసులో పెట్టిన సెలవు మేరకు చివరి తేదీని వెనక్కి జరుపుతారు.

ఒక టెస్టింగ్ ఇంజనీరును ఊహించుకుందాం. నోటీసు 90 రోజులు, ఇంకా రాజీనామా చేయలేదు. నెలకు మొత్తం జీతం 90,000, బేసిక్ 40,000. ఆఫర్ లెటర్ జూన్ 10న వచ్చి, 12న రాజీనామా పెడితే, ఆ రోజుతో కలిపి తొంభయ్యో రోజు సెప్టెంబర్ 9. అంటే చేరేది సెప్టెంబర్ 10న. మేనేజర్ 60 రోజులకే వదిలితే చివరి రోజు ఆగస్టు 10, చేరేది 11న. మిగిలిన 30 రోజులకు బైఅవుట్ బేసిక్ మీదైతే 40,000, మొత్తం జీతం మీదైతే 90,000. రెండింటికీ మధ్య 50,000 తేడా. ఆ పేరా ముందే చదవమన్నది అందుకే.

ఈ ఇంజనీరు చెప్పదగిన జవాబు ఇలా ఉంటుంది: "నా నోటీసు 90 రోజులండీ, ఇంకా రిజైన్ చేయలేదు. మీ ఆఫర్ లెటర్ అందిన రెండు రోజుల్లో పెడతాను. 60 రోజులకు వదలమని మేనేజర్‌ని అడుగుతాను, మా టీములో ఇంతకుముందు ఒకరిద్దరిని అలా వదిలారు. కానీ అది ఆయన చేతిలో ఉంది, నేను మాట ఇవ్వలేను. బైఅవుట్ ఖర్చు మీ కంపెనీ భరిస్తుందాండీ?"

ఇందులో అన్నిటికంటే విలువైనది, రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుందో చెప్పడం. ఉత్త "తొంభై రోజులు" అంటే రిక్రూటర్ ఫోన్ చేసిన రోజు నుంచి లెక్క వేసుకుంటారు. ఇంటర్వ్యూలకు నాలుగు వారాలు పడితే, మీరు ఏ తప్పూ చేయకుండానే నెల ఆలస్యం చేసినవాళ్లవుతారు. ఆఫర్ లెటర్‌కు ముడిపెట్టి చెబితే, వాళ్లు తొందరపడితే మీరూ త్వరగా రాగలరని వాళ్లకే అర్థమవుతుంది. ఇక పట్టువిడుపు చూపించాల్సింది మీ చేతిలో ఉన్న విషయాల్లోనే. పని అప్పగింత త్వరగా ముగించడం, నోటీసులో సెలవు పెట్టకపోవడం, బైఅవుట్‌లో కొంత భరించడం మీరు చేయగలిగినవి. క్లయింట్ ప్రాజెక్టు మధ్యలో ఉన్న మనిషిని వదలాలా వద్దా అన్నది మాత్రం మేనేజర్ తేల్చేది.

కొత్త కంపెనీ బైఅవుట్ భరిస్తామంటే ఆ మాట ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. సాధారణంగా పాత కంపెనీకి ముందు మీరే కట్టాలి, చేరాక రసీదు చూపిస్తే వెనక్కి ఇస్తారు. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు కూడా చాలాసార్లు ఉంటుంది.

ఒకవేళ మేనేజర్ 60 రోజులకు కుదరదంటే, ఆ సంగతి తెలిసిన రోజే రిక్రూటర్‌కి మెయిల్ పెట్టి, సెప్టెంబర్ 10 తేదీతో సవరించిన ఆఫర్ లెటర్ అడగాలి. ఫోన్‌లో "పర్లేదండీ, చూద్దాం" అన్న మాట మీద ఆగిపోవద్దు. ఆఫర్ లెటర్‌లో రాసిన తేదీకి చేరకపోతే ఆఫర్ రద్దవుతుందన్న వాక్యం చాలా కంపెనీల లెటర్లలో ఉంటుంది.