సగటుల సగటు ఎందుకు తప్పుతుంది?

ఒక హైస్కూల్లో పదో తరగతికి మూడు సెక్షన్లు ఉన్నాయనుకుందాం. ఎ సెక్షన్‌లో 50 మంది, బిలో 40 మంది, సిలో 10 మంది. లెక్కల పరీక్షలో ఎ సగటు 52 మార్కులు, బి సగటు 58, సి సగటు 85. ‘‘పదో తరగతి మొత్తం సగటెంత?’’ అని హెడ్‌మాస్టరు గారు అడిగితే, మూడు సగటులూ కూడి మూడుతో భాగించి 65 అని చెప్పేస్తుంటారు. రిజిస్టరులోకి అదే ఎక్కుతుంది.

ఆ అంకె దగ్గర కాసేపు ఆగండి. వంద మందిలో తొంభై మంది ఎ, బిలలోనే ఉన్నారు. ఆ రెండు సెక్షన్ల సగటూ అరవైకి లోపే. పది మంది ఎంత బాగా రాసినా మొత్తాన్ని 65 దాకా లాక్కురాలేరు.

సగటంటే, అందరి మార్కులూ ఒకచోట పోసి అందరికీ సమంగా పంచితే తలకు వచ్చేది. కాబట్టి ముందు ఆ మొత్తం తెలియాలి. ప్రతి సెక్షన్ సగటునూ అందులోని పిల్లల సంఖ్యతో గుణిస్తే అది దొరుకుతుంది. ఎలో 2,600, బిలో 2,320, సిలో 850. అన్నీ కలిపితే 5,770. వంద మందికి పంచితే 57.7. లెక్కల పుస్తకాల్లో దీన్ని భారిత సగటు అంటారు. పిల్లల సంఖ్యే ఇక్కడ భారం.

అసలు అన్యాయం ఒక్కో పిల్లవాడి దగ్గర కనిపిస్తుంది. సి సెక్షన్‌లో ఒకరికి రీవాల్యుయేషన్‌లో 30 మార్కులు పెరిగాయనుకోండి. ఆ సెక్షన్ సగటు 3 పెరుగుతుంది, సగటుల సగటు 1 పెరుగుతుంది. అవే 30 మార్కులు ఎ సెక్షన్ అమ్మాయికి పెరిగితే ఆ సగటు 0.6, సగటుల సగటు 0.2 మాత్రమే పెరుగుతాయి. అంటే సిలో ఒకరు ఎలో ఐదుగురితో సమానమైపోయారు. సరైన లెక్కలో ఎవరికి పెరిగినా మొత్తం సగటు 0.3 పెరుగుతుంది.

తప్పు ప్రతిసారీ పైకే పోదు. సి సగటు 25 అయి ఉంటే, తప్పు లెక్క 45 అంటుంది, అసలు సగటు 51.7. చిన్న సెక్షన్ ఎటుంటే అంకె అటు ఒరుగుతుంది. సెక్షన్లన్నింటిలో సమానంగా పిల్లలున్నా, సగటులన్నీ ఒకటే అయినా ఈ పేచీ ఉండదు.

ఇంకో జాగ్రత్త: గుణించాల్సింది హాజరు పట్టీలోని సంఖ్యతో కాదు, పరీక్ష రాసినవాళ్ల సంఖ్యతో. కంప్యూటర్లో బి కాలమ్‌లో ఆ సంఖ్య, సి కాలమ్‌లో సగటు ఉంటే సూత్రం ఇది:

```
=SUMPRODUCT(B2:B4,C2:C4)/SUM(B2:B4)
```

ఉత్తీర్ణత శాతాలకూ ఇదే లెక్క. ఈసారి మీ పిల్లల బడిలో సెక్షన్ల సగటులు చూపిస్తే, ఒక్కోదాంట్లో ఎంతమంది పరీక్ష రాశారో కూడా అడగండి.