ఎఫ్‌డీ గడువు తీరిన మర్నాడు ఏం జరుగుతుంది?

తెనాలిలో ఒక బట్టల దుకాణదారు రెండు లక్షల రూపాయలు రెండేళ్లకు 7 శాతం వడ్డీతో ఎఫ్‌డీ వేశారనుకుందాం. వడ్డీ మధ్యలో చేతికి తీసుకోకుండా అసలుకే కలిపే రకం. నోటిలెక్కన రెండేళ్లకు 28 వేలు రావాలి. రసీదు మీద మాత్రం మెచ్యూరిటీ మొత్తం 2,29,776 రూపాయలని ఉంటుంది. పైన కనిపించే ఆ 1,776 చక్రవడ్డీ. మన బ్యాంకులు మామూలుగా మూణ్నెల్లకోసారి వడ్డీ లెక్కకట్టి అసలులో కలుపుతాయి. ఏడాదికి 7 శాతమంటే మూణ్నెల్లకు 1.75. మొదటి మూణ్నెల్ల వడ్డీ 3,500. రెండోసారి లెక్క 2,03,500 మీద మొదలవుతుంది కాబట్టి వడ్డీ 3,561 అవుతుంది. ఇలా ఎనిమిదిసార్లు జరుగుతుంది.

రసీదులో ఉన్నంతా చేతికి రాకపోవడమూ ఉంది. ఆ బ్యాంకులోని డిపాజిట్లన్నిటి మీదా ఏడాది వడ్డీ 50 వేలు దాటితే (సీనియర్ సిటిజన్లకు లక్ష) 10 శాతం టీడీఎస్ కోస్తారు. వడ్డీ ఇంకా చేతికి రాకున్నా ఏటా లెక్కలోకి వస్తుంది. ఆ కోత డిపాజిట్లోంచే పోతే తర్వాతి వడ్డీ కూడా కాస్త తగ్గుతుంది.

ఇక గడువు తేదీ. డబ్బంతా సేవింగ్స్ ఖాతాలో వేయమనొచ్చు, అసలొక్కటే రెన్యువల్ చేయమనొచ్చు, వడ్డీతో సహా చేయమనొచ్చు. డిపాజిట్ వేసేటప్పుడు తొందరలో పెట్టిన టిక్కే దీన్ని నిర్ణయిస్తుంది.

ఏ సూచనా లేక డబ్బు అలాగే పడి ఉంటే, 2021 జూలైలో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన వర్తిస్తుంది. సేవింగ్స్ వడ్డీ, పాత ఎఫ్‌డీ వడ్డీ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. సేవింగ్స్ రేటు 2.5 శాతమైతే, ఆరు నెలలు మరిచిపోయిన మన దుకాణదారుకు వచ్చేది సుమారు 2,870 రూపాయలు. అదే డబ్బు 6.25 శాతానికి రెన్యువల్ అయి ఉంటే ఏడు వేల పైన వచ్చేది.

అలాగని ఆటో రెన్యువల్‌తో నిశ్చింతగా ఉండలేం. పాత 7 శాతమే కొనసాగుతుందని చాలామంది నమ్ముతారు. రెన్యువల్ రోజున బ్యాంకులో ఉన్న రేటే వర్తిస్తుంది, గడువు మాత్రం సాధారణంగా మళ్లీ రెండేళ్లే పడుతుంది. ఎనిమిది నెలలకే పిల్లల ఫీజు కోసం డిపాజిట్ రద్దు చేస్తే, ఒప్పుకున్న రేటు కాకుండా ఎనిమిది నెలల కాలానికి వర్తించే రేటు కట్టి, అందులోంచి చాలా బ్యాంకులు అర శాతమో, ఒక శాతమో కోస్తాయి.

బ్యాంకుకు వెళ్లలేని పెద్దవాళ్లకు ఆటో రెన్యువల్ మేలు. ఏడాదిలోపు డబ్బు అవసరం పడేవాళ్లకు సేవింగ్స్ ఖాతాలో వేయించుకోవడమే మంచిది. ఇవాళే రసీదు గానీ మొబైల్ యాప్ గానీ తెరిచి మెచ్యూరిటీ సూచన దగ్గర ఏముందో చూడండి. మార్చాలనుకుంటే గడువుకు వారం ముందే బ్రాంచిలో రాసిచ్చి, రాసిచ్చినట్టు రసీదు తీసుకోండి.